ముట్టినదెంత, పెట్టినదెంత

విజయవాడ వరద బాధితుల కోసం మన ప్యాపిలిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చేయి వేసిన అందరికీ నమస్కారం. మీరిచ్చిన సొమ్ము, ఒక రైతు ఇచ్చిన టమోటాలు అమ్మగా వచ్చిన దానితో కలిపి, 2,65,550 రూపాయలు. బియ్యం 41 బస్తాలు. ఖర్చయింది 2,23,100. ఒక దాతకు తిరిగి ఇచ్చింది 2,000. మిగిలిన 40,450 ముఖ్యమంత్రి సహాయనిధికి పంపాం. చేతిలో నిల్వ సున్నా. తొందరలో ఉన్నవాళ్ళకు ఇంతమటుకు చాలు. తీరిక ఉన్నవాళ్ళు, ముఖ్యంగా రేపు ఇలాంటి పని నెత్తికెత్తుకోబోయే పిల్లలు, మిగతాది కూడా చదవండి.

కుర్రవాళ్ళు నన్ను అడిగింది నాలుగు ధన్యవాదాల మాటలు రాయమని. నేను వేరుశనగ నూనె మిల్లులో చిట్టా, ఆవర్జా రాసి బతికినవాణ్ణి. పొగడ్త రాయడం నాకు చేతకాదు. మీ రూపాయి ఏ దారిన పోయిందో చెప్పడమే నాకు తెలిసిన ధన్యవాదం. అది చెప్పాలంటే 2009 కర్నూలు వరద దగ్గరికి కొంచెం వెనక్కి పోవాలి. ఈసారి చేసినవన్నీ అప్పుడు చేయనివే.

1. లెక్క మొదట కాపాడేది మోసినవాణ్ణి.

లెక్క దాత కోసం అని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి కర్నూలులోకి వచ్చాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చిందని, డ్యాం ఏమవుతుందోనని ఊరూరా భయపడిన రోజులవి. మనకు కర్నూలు 80 కిలోమీటర్లు. అప్పుడు మన జిల్లా కేంద్రం అదే, నంద్యాల జిల్లా వచ్చింది 2022లో. పిల్లల చదువులు, ఆసుపత్రులు, కోర్టు వాయిదాలు, అన్నీ ఆ ఊరితోనే. దాంతో జనం అడగకుండానే ఇచ్చారు. ఆ డబ్బు నా చొక్కా జేబులో పడింది. ఒక నోటుబుక్కులో పేర్లు రాసుకున్నాను, అంతే.

సాయం మోసిన లారీ వెంట ఒక కుర్రవాడు పోయాడు. పేరు చెప్పను. డీజిలు పోయించింది, హమాలీలకు ఇచ్చింది, దారిలో ఏదన్నా అవసరమైతే చూసుకున్నది అంతా అతనే. కర్నూలుకు రెండు దఫాలు పోయి వచ్చాక చూస్తే 3,400 రూపాయలకు చీటీ లేదు. టీ అంగడి దగ్గర ఎవరో అన్నారు, "వరద పేరు చెప్పి ఒకడు బాగుపడినాడప్పా" అని. ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగింది.

మిల్లులో నేను గోనెసంచి కుట్టే దారానికి కూడా చీటీ అడిగేవాణ్ణి. ధర్మకార్యం కాబట్టి ఇక్కడ చీటీ అడగడం సిగ్గనుకున్నాను. ఆ మాట వచ్చినప్పుడైనా నోరు తెరిచి, కూర్చుని లెక్క కట్టి ఉంటే సరిపోయేది. పోనూ రానూ 160 కిలోమీటర్లు. ఆ పాత లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చేది. దఫాకు 40 లీటర్లు, రెండు దఫాలకు 80. అప్పట్లో డీజిలు లీటరు దాదాపు 35 రూపాయలు. అక్కడికే 2,800 అయింది. హమాలీలకు రెండు వైపులా కలిపి 600 తక్కువ కాదు. 3,400 సరిగ్గా తేలింది. ఈ లెక్క నాకు తట్టింది చాలా నెలల తర్వాత. అప్పటికి ఆ కుర్రవాడు బెంగళూరుకు పనికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఊరికి వచ్చినా ఏ చందా పుస్తకాన్నీ ముట్టుకోలేదు. దాతలెవరూ నష్టపోలేదు. నష్టపోయింది ఎండలో నిలబడి బస్తాలు దించినవాడు. చీటీ రాయించాల్సిన నేను రాయించకపోవడం వల్ల ఆ మాట అతను పడ్డాడు.

అందుకే ఈసారి రూపాయి కదిలితే చీటీ రాయించాను. బిల్లు ఇచ్చే అంగడి అయితే బిల్లు. బిల్లు ఉండని ఖర్చుకు, అంటే హమాలీకో, తాడుకో, మనమే ఓచరు రాసుకోవాలి. తారీఖు, మొత్తం, ఎవరికి, దేనికి, తీసుకున్నవారి సంతకమో వేలిముద్రో, పక్కనున్న ఇంకో కార్యకర్త సంతకం. ఆ రెండో సంతకం లేని ఓచరును నేను చిట్టాకు ఎక్కించలేదు. లారీ కిరాయిలాగా 5,000 దాటిన ముట్టుబడి రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకున్నాం. "తాతా, ఇరవై రూపాయల తాడుకు కూడానా, జనం నవ్వుతారు" అన్నారు పిల్లలు. నవ్వనీ నాయనా అన్నాను.

2. ఇస్తామన్న ప్రతి రూపాయీ తీసుకోదగింది కాదు.

2009లో చందా అంటే చేతికి నోటు, అంతే. ఇప్పుడు ఫోనులో వస్తుంది. ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలే ఉమ్మడి ఖాతా తెరుద్దామని నేను మొదట పట్టుబట్టాను. బ్యాంకులో చెప్పారు, అలాంటి ఖాతాకు యూపీఐ రాదని. చివరికి ఒక కార్యకర్త పేరిట కొత్త పొదుపు ఖాతా తెరిచాం. అందులో అతని సొంత రూపాయి ఒక్కటీ ఉండకూడదని, ప్రతి సాయంత్రం స్టేట్‌మెంటు అందరికీ చూపాలని కట్టడి పెట్టుకున్నాం. అలా వచ్చింది 1,86,400. రసీదు పుస్తకాల మీద నగదుగా వచ్చింది 74,350. ప్రతి రసీదు పుస్తకానికీ నంబరు వేసి, ఎవరికి ఏది ఇచ్చామో రాసుకుని, చిరిగినవీ తప్పురాసినవీ సహా కౌంటర్‌ఫాయిళ్ళన్నీ వెనక్కు తీసుకున్నాం.

కొందరు డబ్బు పంపామని ఫోటో పెట్టారు, ఖాతాలో మాత్రం పడలేదు. వాళ్ళ తప్పేమీ లేదు, ఎక్కడో ఆగిపోయి మళ్ళీ వాళ్ళ ఖాతాకే పోయి ఉంటుంది. ఫోటో చూసి జమ రాయకూడదు. స్టేట్‌మెంటులో పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు కనబడితేనే రాయాలి. పేరు కనబడక మీ సొమ్ము ఎదుట "పేరు తెలియదు" అని పడి ఉంటే, ఆ నంబరు పట్టుకుని వచ్చి చెప్పండి, సరిచేస్తాం.

రెండు రకాల సొమ్ము వద్దన్నాం. ఆదాయపు పన్నులో మినహాయింపు కోసం 80జి రసీదు అడిగినవాళ్ళకు మనం అది ఇవ్వలేమని, మనది అనుమతి పొందిన ట్రస్టు కాదని చెప్పి, నేరుగా ముఖ్యమంత్రి సహాయనిధికి కట్టుకోమన్నాం. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి బిడ్డ ఒకరు పెద్ద మొత్తమే పంపుతామన్నారు. పుట్టింది ఇక్కడే అయినా పాస్‌పోర్టు ఆ దేశానిది కాబట్టి అది విదేశీ విరాళం కింద లెక్క. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని మనలాంటి గుంపు దాన్ని తీసుకోకూడదు. ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు, అలాంటివి తీసుకున్నాం. వద్దన్నందుకు ఆ బిడ్డ కొంచెం నొచ్చుకున్నట్టుంది. ఆ మంచి మనసుకు ఇక్కడి నుంచే దండం.

3. మన ఇంట్లో ఉన్నది కాదు, వాళ్ళ ఇంట్లో పోయినది ఇవ్వాలి.

కర్నూలుకు మేం తీసుకుపోయింది పులిహోర పొట్లాలు, పాతబట్టలు. పులిహోర పనికొచ్చింది, పొద్దున వండితే మధ్యాహ్నానికి చేరింది కాబట్టి. పాతబట్టలు మాత్రం బురదలో కుప్పగా పడ్డాయి. చిరిగిన చొక్కా, మగ్గిన వాసన కొట్టే చీర, అన్నీ పోగొట్టుకున్న మనిషి చేతిలో పెడితే ఆమె ముఖం ఎలా మారిందో నేను చూశాను. ఆమె తీసుకోలేదు. తీసుకోమని మేం బలవంతపెట్టాం కూడా.

ఈసారి మొదటి రోజే పిల్లలు మళ్ళీ పులిహోర అన్నారు. విజయవాడ మనకు సుమారు 370 కిలోమీటర్లు. వండిన అన్నం ఆ దూరం పోదు. పోయినా, లారీ మీద సెప్టెంబరు ఉక్కలో పాచిపోతుంది. మన ఊరి ఆడబిడ్డ ఒకామె సింగ్‌నగర్ వైపు మేడ మీద ఉంది. ఆమెకు ఫోను చేయించాను. "పెద్దనాన్నా, అన్నం పొట్లాలు వస్తానే ఉండాయి. నీళ్ళు తీసినాక ఇంట్లోకి పోతే పడుకునేందుకు చాప లేదు, కడిగేందుకు బకెట్ లేదు" అంది. ఆ ఒక్క ఫోనుతో మా పని తీరు మారిపోయింది.

అక్కడ జరిగిందేమిటో కొంచెం చెప్పాలి. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు బుడమేరు కాలువ కట్టకు గండ్లు పడి ఆ నీళ్ళు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి చోట్లకు వచ్చాయి. అదే వేళ కృష్ణానదికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. 2009 నాటి రికార్డును కూడా దాటింది. మూడు గండ్లనూ పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది, అది పూర్తయ్యేసరికి సెప్టెంబరు 7 అయింది. పల్లపు వీధుల్లో నీళ్ళు వారం పైనే నిలిచాయి. మన కర్నూలులో నీళ్ళు ఎంత దూకుడుగా వచ్చాయో అంత తొందరగా దిగిపోయాయి. అక్కడ అలా కాదు, మురుగుతో కలిసి ఇంట్లోనే కూర్చున్నాయి. పరుపు, చాప, పుస్తకం, మంచం కింద పెట్టిన బియ్యం, అన్నీ కుళ్ళాయి. మొదటి వారంలో కావలసింది తిండి, మంచినీళ్ళు. అది ప్రభుత్వమూ దగ్గరి ఊళ్ళవాళ్ళూ చూసుకున్నారు. దూరం నుంచి పోయే మనం రెండో వారానికి సిద్ధపడాలి.

ఇంటికొక సంచి అనుకున్నాం. అందులో దుప్పట్లు రెండు 320 రూపాయలు, చాప 130, బకెట్, మగ్గు 150, చీపురు, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు కలిపి 140, స్టీలు గిన్నె, పళ్ళేలు 210. సంచికి 950. అలా 200 ఇళ్ళకు 1,90,000 అయింది. ఖర్చులో సింహభాగం ఇదే. మూడు అంగళ్ళలో ధర అడిగి రాయించుకుని, దుప్పటి నీళ్ళలో తడిపి చూసి, రంగు పోనిదే కొన్నారు మన ఆడపిల్లలు. దాని కన్నా పది రూపాయలు తక్కువకు ఇంకో రకం దొరికేది, వద్దన్నది వాళ్ళే.

4. వస్తువుకు వేరే పుస్తకం ఉండాలి.

బియ్యానికి ధర కట్టి నగదులో కలిపితే వసూలు పెద్దదిగా కనబడుతుంది. చాలామంది అలాగే చేస్తారు. తర్వాత ఖర్చు వైపు కూడా అంతే రాసుకుంటారు. పైకి సరిపోయినట్టు ఉంటుంది గానీ, మధ్యలో నాలుగు బస్తాలు ఎటు పోయినా ఆ లెక్కలో కనబడదు. అందుకని సరుకుకు వేరే స్టాకు పుస్తకం పెట్టాం. వచ్చింది ఎంత, లారీకి ఎక్కింది ఎంత, దిగింది ఎంత, పంచింది ఎంత, ఈ నాలుగు గళ్ళే.

వచ్చినవి 25 కిలోల బస్తాలు 41. ఎక్కినవి 41. దిగినవి 41, కానీ దారిలో వాన పడి పరదా చిరిగిన చోట ఒక బస్తా తడిసి ముద్దయింది. అది పారబోశాం. మిగిలిన 40 బస్తాలు, అంటే 1,000 కిలోలు, ఇంటికి 5 కిలోల చొప్పున 200 ఇళ్ళకు. తడిసిన బస్తా సంగతి రాయొద్దని ఒకరు సలహా ఇచ్చారు. ఆ బస్తా ఇచ్చినవారికి ఆ మాట తెలియాలి కదా. ఎవరి బస్తా తడిసిందో మాకు తెలియదు, అందరి సంచులూ ఒకే తీరు. అందువల్ల నలభై ఒక్కమందికీ కలిపి చెబుతున్నాను.

టమోటాల సంగతి ఇంకొకటి. ఒక రైతు 12 పెట్టెలు తెచ్చి ఇచ్చాడు. అవి విజయవాడ చేరేలోగా రసమైపోతాయి. వద్దంటే అతని మనసు కష్టపడుతుంది. "అమ్మి ఆ డబ్బు వేస్తాం, సరేనా చిన్నాయనా" అని అడిగి, అతను ఊఁ అన్నాకే పత్తికొండ మార్కెట్టుకు పంపాం. పెట్టె 400 పలికింది. మొత్తం 4,800. ఆ రోజు అతని పేరిట స్టాకు పుస్తకంలో 12 పెట్టెలు కొట్టివేసి, నగదు చిట్టాలో 4,800 జమ రాసి, రసీదు ఇచ్చాం. వస్తువు డబ్బుగా మారినప్పుడు రెండు పుస్తకాల్లోనూ ఆ మార్పు అదే రోజు కనబడాలి. మర్నాడు రాద్దామనుకుంటే మరిచిపోతాం.

బియ్యం గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మెట్టపొలాల ఊరి నుంచి కృష్ణా డెల్టాకు బియ్యం మోసుకుపోయాం! అక్కడికి పోయాక తెలిసింది, ప్రభుత్వం వరద ఇళ్ళకు 25 కిలోల చొప్పున బియ్యం ఇస్తోందని. మన 5 కిలోలు వాళ్ళు ప్రేమగానే తీసుకున్నారు. అయినా అవసరం లేని దాన్ని మోసుకుపోయామన్నది నిజం. సరుకు అడిగే ముందు ఇంకో ఫోను చేసి ఉండాల్సింది.

5. దారి ఖర్చు దాచిపెడితే దొంగ ఖర్చులా కనబడుతుంది.

"నూటికి నూరు రూపాయలూ బాధితులకే" అని రాసుకున్న బ్యానర్లు చూశాను. అది ఎప్పుడూ నిజం కాదు. లారీ గాలి మీద నడవదు. ఎవరో ఒకరు కిరాయి సొంతంగా పెట్టుకుని ఉంటే ఆ సంగతి రాయాలి, లేదంటే చందాలోంచే పోయిందని రాయాలి. సంచులు తప్ప మిగతా ఖర్చు ఇదీ:

లారీ కిరాయి, డీజిలుతో సహా, పోనూ రానూ: 21,000
టోల్‌గేట్లు: 2,650
ఎక్కించిన, దించిన హమాలీ: 3,200
ఖాళీ సంచులు, కట్టే సామాను: 2,400
పరదా: 1,800
రసీదు పుస్తకాలు, కూపన్ల అచ్చు: 1,150
డ్రైవరు, క్లీనరు భోజనాలు: 900

ఇవి 33,100. సంచుల 1,90,000తో కలిపితే 2,23,100. కిరాయి, టోలు, హమాలీ మూడూ కలిస్తే 26,850. అంటే ఖర్చయిన ప్రతి నూటిలో పన్నెండు రూపాయలు దారిలో పోయాయి. వెంట పోయిన పిల్లల తిండి, టీలు, బస్సు చార్జీలు ఇందులో లేవు. అవి వాళ్ళే పెట్టుకున్నారు. వద్దన్నా వినలేదు. ఎంత పెట్టారో చెప్పమంటే చెప్పలేదు కాబట్టి అంకె రాయలేకపోతున్నాను.

ఈ పన్నెండు రూపాయలు తగ్గేవా? తగ్గేవి. దుప్పట్లు, బకెట్లు కర్నూలులో కొన్నాం, తెలిసిన అంగళ్ళని. విజయవాడలో చాలా చోట్ల వ్యాపారం ఆగి ఉంది గానీ, పక్కన గుంటూరులో ఆ సామానంతా టోకున దొరుకుతుంది. బియ్యం మోయకుండా, డబ్బు మాత్రం పట్టుకుని నలుగురు రైలెక్కి గుంటూరులో కొని, అక్కడి నుంచి చిన్న బండి కట్టించుకుని ఉంటే, కిరాయి దగ్గరే అటూఇటుగా 20,000 మిగిలేది. ఒక్కో సంచి 950 చొప్పున ఇంకో ఇరవై ఒక్క ఇళ్ళు. నేను ఆ మాట అనలేదు. ఊరి నుంచి లారీ కదిలితే, దానికి బ్యానరు కడితే, జనం ఇంకా ఇస్తారని నాకూ ఒక ఆశ ఉండింది. లారీ బయలుదేరిన రోజు నిజంగానే చందా ఎక్కువ వచ్చింది. ఆ వచ్చిన ఎక్కువ కిరాయికి సరిపోయిందా అంటే, అది విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

6. లారీ ఆగిన చోటికి రాలేనివారికే ఎక్కువ అవసరం.

కర్నూలులో లారీని రోడ్డు మీద ఆపి తలుపు తీశాం. కండబలం ఉన్నవాళ్ళు రెండేసి తీసుకున్నారు. వెనకాల ఒక ముసలామె చేయి చాచి నిలబడి ఉండిపోయింది. పది నిమిషాల్లో ఖాళీ.

విజయవాడలోనూ సాయం బండ్లు పెద్దరోడ్డు మీద, ఫ్లైఓవరు దగ్గరే ఎక్కువగా ఆగాయి. లోపలి వీధులకు చేరినవి తక్కువ. మన పిల్లలు ఇద్దరు ఒకరోజు ముందుగా పోయి, ఆ ఆడబిడ్డ చూపిన లోపలి వీధులు నడిచి, తలుపు తలుపుకూ పోయి చూశారు. ఇంటి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసి, కింది అంతస్తులో ఉన్నవాళ్ళకే నంబరు వేసిన కూపను ఇచ్చారు. ఇంటికి ఒకటే, కుటుంబంలో పెద్ద ఆడమనిషి చేతికి. సగం మీద ఇంటి నంబరు, సంతకం తీసుకుని తమ దగ్గర పెట్టుకున్నారు. మర్నాడు లారీ ఆ వీధి చివర ఆగింది. కూపను సగం, వీళ్ళ దగ్గరి సగం కలిస్తే సంచి. మంచం పట్టినవాళ్ళకు ఇంటికే మోసుకుపోయారు.

కూపన్లు 200, వెనక్కి వచ్చినవి 200. అద్దె ఇళ్ళ దగ్గర మాత్రం తగువు వచ్చింది. ఇంటి యజమాని తనకే ఇవ్వాలన్నాడు. ఆ ఇంట్లో ఉండి నీళ్ళలో మునిగింది అద్దెకున్నవాళ్ళు, వాళ్ళకే ఇచ్చారు. మేడ మీది వాళ్ళు కొందరు అలిగారు, వాళ్ళకూ కరెంటు, నీళ్ళు లేక కష్టమే. ఉన్న రెండు వందలతో గీత ఎక్కడో గీయాలి.

ఒక విషయం మీలో కొందరికి నచ్చలేదని విన్నాను. సంచి అందుకుంటున్న వాళ్ళ ఫోటోలు మేం తీయలేదు. మరి ఇచ్చారనడానికి సాక్ష్యం ఏదంటారు. కూపన్ల మీద సంతకాలు ఉన్నాయి, వచ్చి చూడవచ్చు. చూపుతాం గానీ బయట పెట్టం. మీ అమ్మ చేయి చాచిన ఫోటో నాలుగు ఊళ్ళు తిరిగితే మీకెలా ఉంటుందో అది వాళ్ళకూ అంతే. ఫోటోలు కావాలంటే సంచులు కట్టినవి, లారీ ఎక్కించినవి చాలా ఉన్నాయి.

7. మిగిలిన సొమ్ముకు మనం యజమానులం కాదు.

వచ్చిన 2,65,550లో 2,23,100 పోను 42,450 మిగిలింది. అడగకుండానే సలహాలు వచ్చాయి. గుడి ప్రహరీకి, బడిలో బెంచీలకు, ఊళ్ళో బోరు మోటారుకు. అన్నీ మంచివే. కానీ రసీదు మీద మనం అచ్చు వేయించింది "విజయవాడ వరద సహాయం" అని. ఆ మూడు మాటలు చదివి ఇచ్చిన సొమ్మును బోరులో వేస్తే రేపు రసీదు పుస్తకం పట్టుకుని ఏ ముఖంతో పోతాం? 2009లో మిగిలిన కొద్ది డబ్బు నా దగ్గరే ఉండిపోయి, చివరికి ఏదో ఊరి పనికి పోయింది. ఆ పని పేరు కూడా నాకిప్పుడు గుర్తులేదు. అదీ నేను ఎక్కడా రాయలేదు.

ఈసారి దాతలందరినీ అడిగాం. ఫోను నంబరు ఉన్నవాళ్ళకు ఫోనులో, లేనివాళ్ళ కోసం పంచాయతీ ఆఫీసు గోడ మీద కాగితం అంటించి, వారం గడువు పెట్టి. ముఖ్యమంత్రి సహాయనిధికి పంపుతాం, ఇష్టం లేనివారు తమ భాగం వెనక్కు తీసుకోవచ్చు అని. ఒక్కరు తన 2,000 అడిగారు. ఎందుకని అడగలేదు. రసీదు వెనక్కు తీసుకుని, "తిరిగి ముట్టినది" అని సంతకం చేయించుకుని ఇచ్చేశాం. ఆయన మీద ఎవరూ మాట అనకండి, ఆ అవకాశం ఇచ్చింది మనమే. మిగిలిన 40,450 బ్యాంకు ద్వారా పంపిన రసీదు ఓచరు ఫైలులో చివరి కాగితం.

ఆ కొత్త ఖాతా మూసివేశాం. చిట్టా, స్టాకు పుస్తకం, ఓచర్ల ఫైలు, రసీదుల కౌంటర్‌ఫాయిళ్ళు, కూపన్ల సగాలు మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఇందులో లేని ఊరివాళ్ళు ఇద్దరు, ఒకరు బడి పంతులు, ఒకరు పొదుపు సంఘం లెక్కలు రాసే అమ్మాయి, ఒక ఆదివారం కూర్చుని అన్నీ సరిచూశారు. ఒక ఓచరులో తారీఖు తప్పు, రెండు రసీదుల్లో ఇంటిపేరు తప్పు పట్టుకున్నారు. అవి ఎర్ర సిరాతో దిద్ది పక్కన వాళ్ళ సంతకాలు తీసుకున్నాం. అంకెల్లో తేడా రాలేదు. మీలో ఎవరైనా ఏ రోజైనా వచ్చి చూడవచ్చు. మధ్యాహ్నం ఒక గంట మాత్రం వద్దు, నిద్రపోతాను.